రోలింగ్ వేవ్ ప్లానింగ్: దూరంగా ఉన్న దశని ఏ తేదీన విప్పాలి?

నమస్తే అండీ. స్క్రీన్ కనిపిస్తోంది కదా, మామూలు గూగుల్ షీటే. ఎంఎస్ ప్రాజెక్ట్‌లో కూడా ఇదే పని చెయ్యొచ్చు, కానీ సైట్ ఇంజనీరు ఫోన్లో తెరిచి చూడాలంటే షీటే సుఖం.

ఉదాహరణకి ఒక ప్రాజెక్టు ఊహించుకుందాం. నాగావళి నుంచి నీళ్లు తీసి ఆముదాలవలస వైపు కొన్ని ఊళ్లకి తాగునీరు ఇవ్వాలి. 2025 సెప్టెంబరులో మొదలు, 2027 మధ్యకి అయిపోవాలి. నాలుగైదు దశలున్నాయి. సర్వే, మట్టి పరీక్షలు, డిజైన్ ఒకటి. ఏట్లో ఇన్‌టేక్ బావి ఒకటి. ఫిల్టర్ ప్లాంటు, ట్యాంకులు ఒకటి. తర్వాత మెయిన్ పైప్‌లైన్. ఆఖర్న ఇంటింటి కనెక్షన్లు.

ఇప్పుడు మొదటి రోజే ఈ అయిదింటికీ రోజువారీ పనులు రాసేస్తే ఏటవుతుంది? పైప్‌లైన్ ఏ దారిన పోతుందో సర్వే కాకుండా తెలీదు. తెలీకుండా రాసిన నూట యాభై లైన్లు నాలుగు నెలలకే చెరిపేసుకోవాలి. అందుకే దగ్గర్లో ఉన్న 90 రోజుల పనులు మాత్రం వివరంగా, మిగతా దశలు ఒక్కో లైను. అంతే. నెలకోసారి కూర్చుని ఆ 90 రోజుల కిటికీని ముందుకి జరుపుతాం. రోలింగ్ వేవ్ అంటే ఇదే.

షీటు చూడండి. A కాలమ్‌లో దశ పేరు, B లో మొదలయ్యే తేదీ. C, D లో వారాలు, తక్కువలో తక్కువ ఎన్ని, ఎక్కువలో ఎక్కువ ఎన్ని. E లో స్థితి, రెండే మాటలు: "ఖరారు" లేదా "వదులు". టకటకా నింపేస్తున్నాను, ఇందులో చెప్పడానికేం లేదు. ఇవాళ్టి తేదీ కావాలంటే టైప్ చెయ్యొద్దు, Ctrl+; నొక్కండి.

B తేదీలు మాత్రం ఊరికే పడలేదండీ. ఏట్లో బావి పని జనవరి నుంచి మే లోపల, వరద లేనప్పుడే. పైప్‌లైన్ కందకాలు డిసెంబరు నుంచే. మన జిల్లాలో అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. కాబట్టి ట్యాంకుల దశలో ఆ రెండు నెలలకీ D కాలమ్‌లో అదనపు వారాలు వేసేయండి. సరే, ముందుకెళ్దాం.

ఇప్పుడు F కాలమ్. ఇక్కడ కొంచెం ఆగండి. వీడియో మొత్తంలో ఇదే ముఖ్యం.

వదులు దశని, అంటే ఒక్క లైనుగా ఉంచినదాన్ని, ఎప్పుడు విప్పి వివరంగా పనులు రాయాలి అని అడిగితే చాలామంది "90 రోజుల కిటికీలోకి వచ్చినప్పుడు" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. పైప్‌లైన్ దశ, అదే ఆరో లైను, 2026 డిసెంబరు 1న మొదలు. 90 రోజులు వెనక్కి వెళ్తే సెప్టెంబరు 2. ఆ రోజు కూర్చుని విప్పుతారు. విప్పగానే బయటపడేది ఏటంటే, పైపు హౌరా–చెన్నై రైలు పట్టాల కింద నుంచి దాటాలి. దానికి రైల్వే అనుమతి కావాలి. డ్రాయింగులు తయారు చెయ్యడానికి 45 రోజులు, అనుమతి చేతికి రావడానికి మన లెక్కలో 180 రోజులు వేసుకుందాం. మొత్తం 225. సెప్టెంబరు 2న మొదలెడితే అనుమతి వచ్చేది 2027 ఏప్రిల్ 15న. కందకం తవ్వే మంచి కాలం అంతా అయిపోయాక! జూన్‌లో వానలు, సగం తవ్విన కందకంలో నీళ్లు, గట్లు కూలడం. గొలుసంతా అక్కడే తెగిపోతుంది.

అందుకని ప్రతి వదులు దశకీ F లో ఒక అంకె రాయాలి. ఆ దశలో అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టే ముందస్తు పనికి ఎన్ని రోజులు కావాలి, అదీ ఆ అంకె. పైపుల ఆర్డరుకి 90 రోజులు పడుతుందనుకోండి, రైల్వేకి 225. రెండూ కూడకూడదు, పెద్దది ఒక్కటే తీసుకోండి, రెండూ పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి. ఒకటి అయ్యాకే రెండోది మొదలవ్వాలంటే మాత్రం కూడాలి. డ్రాయింగులు, అనుమతి అలాంటివే. అందుకే 45, 180 కలిపాం.

G కాలమ్‌లో ఇది కొట్టండి:

```
=B6-F6
```

46132 అని వచ్చిందా? కంగారు పడకండి, అది తేదీయే, అంకె రూపంలో కనబడుతోంది. Ctrl+Shift+3 నొక్కితే 2026 ఏప్రిల్ 20 అవుతుంది. 90 రోజుల లెక్కతో వచ్చిన సెప్టెంబరుకీ దీనికీ తేడా చూశారా? నాలుగున్నర నెలలు.

పక్కన H లో హెచ్చరిక:

```
=IF(AND(E6="వదులు",G6-TODAY()<=30),"ఇప్పుడే","")
```

నెల రోజుల దూరంలోకి రాగానే "ఇప్పుడే" అని పడుతుంది. E లో "వదులు" స్పెల్లింగు తేడా రాకూడదు, చివర స్పేస్ ఉన్నా ఫార్ములా పలకదు. డేటా వాలిడేషన్‌తో డ్రాప్‌డౌన్ పెట్టేసుకోండి, గొడవ ఉండదు.

ఇంకో సంగతి. ఏప్రిల్ 20 వచ్చిందని పైప్‌లైన్ దశ మొత్తం విప్పక్కర్లేదు. చీర కుచ్చిళ్లన్నీ విప్పకుండా కొంగు ఒక్కటే సర్దుకున్నట్టు, పట్టాలు దాటే ముక్కని మాత్రం వేరే లైనుగా విడదియ్యండి. ఇదిగో, ఒక రో ఇన్సర్ట్ చేశాను, "రైల్వే క్రాసింగ్", స్థితి "ఖరారు". కింది లైను "పైప్‌లైన్, మిగతాది", ఇంకా "వదులు". దీని F లో ఇప్పుడు 225 తీసేసి 90 పెట్టాలి, పైపుల ఆర్డరుదే మిగిలింది కదా. ఈ అంకె మార్చడం మర్చిపోతే హెచ్చరిక అలా కూర్చునే ఉంటుంది, వారం పోయాక దాన్ని ఎవరూ పట్టించుకోరు. జాతీయ రహదారి 16 దాటాల్సి వచ్చినా పద్ధతి ఇదే.

సెప్టెంబరులో మిగతా దశ విప్పాం అనుకోండి. మొదట మనం 16 నుంచి 26 వారాలు అని రాసుకున్నాం. ఇప్పుడు దారి తెలిసింది, 18 కిలోమీటర్లు. రెండు గ్యాంగులు, ఒక్కోటి రోజుకి 120 మీటర్లు. 18,000ని 240తో భాగిస్తే 75 పనిదినాలు, ఆదివారాలు పోగా దాదాపు 13 వారాలు. వాల్వ్ ఛాంబర్లు, ప్రెషర్ టెస్టు కలిపి ఇంకో 5. మొత్తం 18. పరిధిలోనే ఉంది, బాగుంది. స్థితి "ఖరారు" చేసేయండి.

అదే 30 వచ్చిందనుకోండి? పనుల రోజులు కోసి 26లో ఇరికించొద్దు. అక్కడ పని తగ్గలేదు, అంకె మాత్రమే తగ్గింది, అది మార్చిలో బయటపడుతుంది. 30 అలాగే ఉంచి, కారణం పక్కన కామెంటులో రాసి, ఇంకో గ్యాంగు కావాలో గడువు జరపాలో పైవాళ్లని తేల్చమనండి. C, D లో పాత అంకెలు చెరపకండి. ప్రతి నెలా మార్చే ముందు ట్యాబ్ మీద రైట్ క్లిక్, డూప్లికేట్, పేరు 2026-09. నెలపేర్లు తెలుగులో పెట్టొచ్చు, కానీ అంకెలైతే ఏది ముందో ఏది తర్వాతో చూడగానే తెలుస్తుంది.

ఇంటింటి కనెక్షన్ల లైను చూడండి, 8 నుంచి 16 వారాలు అని పడి ఉంది. ఎన్ని ఇళ్లో, ఏ వీధిలో రాయి తగులుతుందో ఇంకా తెలీదు. ఊరి సర్వే వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు. ఎవరైనా ఒక్క తేదీ చెప్పమంటే రెండు అంకెలూ చెప్పండి, 8 ఒక్కటే చెప్తే అదే మాట రాసి పెట్టేసుకుంటారు. ఖాళీ షీటు లింకు కింద డిస్క్రిప్షన్లో ఉంది, ఫైల్ మెనూలో కాపీ చేసుకుని వాడుకోండి.