రాత్రి 11 గంటలకు మీ గది ఎంత దూరం?

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఈ వారమే ఊళ్ళో దిగారు. పెట్టెలు ఇంకా విప్పలేదని ముందు వరసలో వాళ్ళు ఇందాకే చెప్పారు. నేను కొన్నేళ్ళుగా కొత్త విద్యార్థుల సహాయ కేంద్రంలో గదుల వ్యవహారం చూస్తున్నాను. హాస్టల్, షేరింగ్ ఫ్లాట్, తిండి, దారి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ నాలుగింటినీ నేను విడదీసి చెప్పను. గది కుదుర్చుకునేటప్పుడు అవన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి. అద్దె ఒక్కటే చూసి డబ్బు కట్టేసినవాళ్ళలో ఎక్కువమంది నెల తిరక్కముందే మళ్ళీ మా బల్ల ముందు నిలబడతారు.

అలా వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను. మ్యాప్‌లో చూస్తే ఆమె ఫ్లాట్ క్యాంపస్ వెనక గేటుకు 600 మీటర్లు. నడిస్తే ఏడెనిమిది నిమిషాలు. మధ్యాహ్నం వెళ్ళి చూసింది, గాలీ వెలుతురూ బాగున్నాయి, అప్పటికే ముగ్గురు అమ్మాయిలు ఉంటున్నారు. వెంటనే ఒప్పుకుంది. క్లాసులు మొదలైన మూడో రోజున తెలిసింది, వెనక గేటు రాత్రి 8కి మూసేస్తారని. లైబ్రరీ 11 దాకా ఉంటుంది. 8 దాటితే మెయిన్ గేటు నుంచి చుట్టూ తిరిగి రావాలి, అది 2.2 కిలోమీటర్లు. మామూలు నడకకు దాదాపు అరగంట. అందులో సగం దూరం ఒకవైపు క్యాంపస్ గోడ, ఇంకోవైపు ఖాళీ స్థలం. ఒక్క ఇల్లు లేదు, ఒక్క కొట్టు లేదు. మొదటి వారం ఆమె ఏడున్నరకే పుస్తకాలు సర్దుకుని పరిగెత్తేది. తర్వాత క్యాబ్‌లు మొదలుపెట్టింది.

డబ్బు సంగతి ఊరిని బట్టి మారుతుంది కాబట్టి, హాస్టల్ నెల ఫీజును 100 అనుకుని లెక్క వేద్దాం. అందులో మంచం, మూడు పూటల మెస్, కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్ అన్నీ కలిసి ఉన్నాయి. ఫ్లాట్ మొత్తం అద్దె 240, నలుగురు పంచుకుంటే ఆమె వాటా 60. కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్ కలిపి 9. తిండి 27. మొత్తం 96. హాస్టల్ కంటే 4 తక్కువ, పైగా తన గది తనది. కాగితం మీద మంచి బేరమే.

కానీ అగ్రిమెంట్ 12 నెలలకు రాసుకున్నారు. ఆమె ఊళ్ళో ఉండేది 10 నెలలే. సెలవుల్లో ఖాళీగా ఉన్న గదికి కూడా అద్దె కట్టాలి. ఏడాదికి 720, దాన్ని 10 నెలలకు పంచితే నెలకు 72 పడింది. అప్పుడు మొత్తం 108. నెలకు 16 రాత్రులు క్యాబ్, ఒక్కోసారికి ముప్పావు చొప్పున ఇంకో 12. చివరికి 120 తేలింది. చవక అనుకున్న ఫ్లాట్ హాస్టల్ కంటే ఐదో వంతు ఎక్కువైంది. ఇది కాక రెండు నెలల అద్దె డిపాజిట్‌గా ముందే కట్టింది. అది తిరిగి వచ్చే డబ్బే, కానీ ఆ ఫ్లాట్‌లో ఉన్నంతకాలం ఆమె చేతిలో లేదు.

అంటే హాస్టలే మేలని నేను అనడం లేదు. హాస్టల్ ఫీజులో తిండి వాటా 36 అనుకోండి. మెస్ వేళలకు మీ ల్యాబ్ కుదరక వారంలో 21 పూటల్లో 7 పూటలు తప్పిపోతే, మూడో వంతు, అంటే 12 వృథా. ఆ పూటలకు బయట తినేది మళ్ళీ అదనం. అందుకే హాస్టల్ వార్డెన్‌ని ఫీజు అడిగిన నోటితోనే మూడు ప్రశ్నలు అడగండి. మెస్ వేళలు ఏమిటి, తినని పూటలకు డబ్బు తగ్గిస్తారా, రాత్రి ఎన్నింటికి తలుపు మూస్తారు. మూడోది చాలామంది మరిచిపోతారు. లైబ్రరీ 11కి మూసి, హాస్టల్ తలుపు పదిన్నరకే మూస్తే ఆ లైబ్రరీ మీకు పదింటి దాకానే ఉన్నట్టు.

ఇదంతా ఊరు చేరకముందు తెలియదు. అందుకే నా గట్టి సలహా, మొదటి వారం పది రోజులకు మాత్రమే ఎక్కడైనా దిగండి. యూనివర్సిటీ గెస్ట్‌హౌస్ కావచ్చు, రోజు లెక్కన మంచం ఇచ్చే హాస్టల్ కావచ్చు, సీనియర్ల గది కావచ్చు. ఆ పది రోజులకు కాస్త ఎక్కువ ఖర్చయినా ఫరవాలేదు. చూడకుండా ఏడాదికి సంతకం పెట్టడం కంటే అది చాలా తక్కువ నష్టం.

చూడకుండా డబ్బు పంపే విషయంలో ఒక్క మాట. మోసాలు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ఫోటోలు చక్కగా ఉంటాయి, అద్దె చుట్టుపక్కల కంటే బాగా తక్కువ. ఓనరు వేరే దేశంలో ఉంటాడు, తాళం చెవి కొరియర్‌లో పంపుతానంటాడు. ఇంకో ముగ్గురు అడుగుతున్నారు, ఇవాళే డిపాజిట్ పంపమని తొందరపెడతాడు. అనుమానం వస్తే వీడియో కాల్ అడగండి. వీధిలోంచి మొదలుపెట్టి, బిల్డింగ్ తలుపు దాటి, గదిలోకి వచ్చి కుళాయి తిప్పి చూపించమనండి. తాళం చెవి నిజంగా చేతిలో ఉన్నవాళ్ళకు అది రెండు నిమిషాల పని. ఏదో ఒక కారణం చెప్పి తప్పించుకుంటే అక్కడితో వదిలేయండి. ఫోటోలను ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి చూడండి. అదే గది వేరే ఊరి ప్రకటనలో కనిపించడం నేను చాలాసార్లు చూశాను.

ఇక ఆ పది రోజుల్లో చేయాల్సిన అసలు పని నడవడం. గది నచ్చితే రెండుసార్లు వెళ్ళండి. ఒకసారి పగలు, ఒకసారి మీరు నిజంగా తిరిగొచ్చే వేళకు. రెండోసారి ఒంటరిగా వద్దు, తోడు తీసుకెళ్ళండి. క్యాంపస్ నుంచి బయలుదేరి గది వైపు నడవండి, ఎందుకంటే రాత్రి మీరు నడిచేది ఆ దిక్కులోనే. ఏ గేటు ఎన్నింటికి మూస్తారో గేటు దగ్గరి సెక్యూరిటీనే అడగండి, సెలవు రోజుల వేళలు కూడా. దీపం ఉందా అని మాత్రమే కాదు, వరసగా ఎన్ని దీపాలు వెలగడం లేదో చూడండి. ఆ వేళకు కింది అంతస్తుల్లో తెరిచి ఉన్నవి ఏమిటి? మెడికల్ షాపో, కిరాణా కొట్టో, మనుషులున్న ఇంటి వాకిలో ఉంటే, ఏదైనా అయితే అక్కడికి వెళ్ళి నిలబడొచ్చు. అలాంటి చోట్లను మనసులో గుర్తు పెట్టుకోండి. అరగంట నడకలో అవి ఒకదానికొకటి దగ్గరగా ఉన్న దారి, కాస్త చుట్టయినా, నా దృష్టిలో మంచి దారి.

రాత్రి దారి అనగానే అందరి మనసూ దొంగల మీదికి పోతుంది. రోడ్డు దాటడం గురించి ఎవరూ అడగరు. ఫుట్‌పాత్ లేని రోడ్డు, సిగ్నల్ లేని క్రాసింగ్, వేగంగా వచ్చే బళ్ళు, ఇవి కూడా అంతే ప్రమాదం. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తీసేసి నడవండి. బస్సు మీద ఆధారపడితే చివరి బస్సు కాదు, దాని ముందు బస్సు వేళ చూసుకోండి. చివరిది రాకపోతే మీకు ఇంకో దారి ఉండదు. సెలవుల్లో బస్సులు తగ్గుతాయి, పరీక్షల ముందు మీరు క్యాంపస్‌లో ఎక్కువ సేపు ఉండేదీ ఆ రోజుల్లోనే కావచ్చు.

షేరింగ్ ఫ్లాట్ తీసుకునేవాళ్ళు అగ్రిమెంట్‌లో ఒక వాక్యం వెతకండి. అద్దెకు ఎవరి వాటాకు వాళ్ళు బాధ్యులా, లేక అందరూ కలిసి మొత్తానికి బాధ్యులా? రెండో రకం అయితే, ఒకరు మధ్యలో వెళ్ళిపోయినప్పుడు ఓనరు మిగతావాళ్ళను మొత్తం అద్దె అడగొచ్చు. మన లెక్కలో 240ని ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరికి 80. అరవై అనుకుని వచ్చిన మనిషికి అది ఎంత టెన్షనో చూశాను. గది గదికీ విడిగా అగ్రిమెంట్ ఇచ్చే ఓనర్లు ఉంటారు, అడగండి. ఇవ్వకపోతే, వెళ్ళేవాళ్ళు బదులు మనిషిని వెతికిపెట్టాలని, ఎన్ని రోజుల ముందు చెప్పాలో కూడా మీలో మీరు రాసుకోండి. స్నేహితులే కదా అని వదిలేయకండి. స్నేహం నిలవాలంటేనే రాసుకోవాలి. సెలవు నెలల్లో గదిని ఇంకొకరికి ఇవ్వడానికి ఒప్పుకుంటారా అన్నది కూడా సంతకానికి ముందే అడగాలి. ఆ అమ్మాయికి అలాంటి మాట ఒక్కటి రాసి ఉంటే, లెక్కలోంచి 12 తగ్గి ఉండేది.

తిండి గురించి తక్కువే చెప్తాను. క్యాంపస్‌లో సిబ్బంది రోజూ తినే క్యాంటీన్ ఏదో కనుక్కోండి. ఏళ్ళ తరబడి ఒకే చోట తినేవాళ్ళు రుచి, శుభ్రం, ధర మూడూ చూసుకునే ఉంటారు. ఫ్లాట్‌లో వండుకుంటే నిల్వ ఉండే సరుకులు ఉమ్మడిగా, పాడయ్యేవి ఎవరివి వాళ్ళు కొనుక్కుంటే గొడవలు తగ్గుతాయి. నలుగురూ రోజూ వండాలని మొదలుపెట్టిన ఇళ్ళు రెండో వారానికే బయటి తిండి మీద పడతాయి. వారానికి మూడు రోజులు వండి, మరుసటి రోజుకు కూడా సరిపడా చేసుకునేవాళ్ళే ఏడాదంతా నిలబడటం చూశాను. నేను వేసిన 27 అన్న లెక్క అలా వండుకుంటేనే. రోజూ బయట తింటే దాన్ని మరిచిపోండి.

తాళం చెవి తీసుకునే రోజు సామాను లోపల పెట్టకముందు ఒక గంట కేటాయించండి. ప్రతి గోడ, నేల, కిటికీ, స్నానాలగది ఫోటో తీయండి. పగుళ్ళను, మరకలను దగ్గరగా తీయండి. కరెంటు మీటరు రీడింగ్ కనిపించేలా ఇంకొకటి. అన్నీ అదే రోజు ఓనరుకు మెసేజ్‌లో పంపండి, తేదీ దానంతట అదే నమోదవుతుంది. ఏడాది చివర డిపాజిట్‌లోంచి కోస్తామన్నప్పుడు మీ చేతిలో ఉండేది ఆ మెసేజే. డిపాజిట్‌కు రసీదు తీసుకోండి, తిరిగి ఎప్పటిలోగా ఇస్తారో అందులో రాయించండి. నీళ్ళు వేడి చేయడానికి గ్యాస్ గీజర్ ఉంటే, దాని పొగ బయటికి పోయే గొట్టం ఉందో లేదో చూడండి. లేకపోతే దాన్ని వాడొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఇంట్లో తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గిపోతుంటే వెంటనే బయటికి వచ్చేసి సాయం కోసం ఫోన్ చేయండి.

ఆ అమ్మాయి ఏమైందని అడుగుతారు కదా. రెండో సెమిస్టర్‌కు ఆమె బదులు మనిషిని వెతికిపెట్టి, మెయిన్ గేటు వైపు ఒక చిన్న గదికి మారింది. అద్దె వాటా 60 నుంచి 70 అయింది, క్యాబ్ ఖర్చు పోయింది. ఈసారి గది చూడటానికి రాత్రి పదకొండుకు వెళ్ళింది, నేనూ తోడు వెళ్ళాను. మీలో ఎవరికైనా తోడు కావాలంటే ఈ హాలు బయట బల్ల మీద కాగితం పెట్టాం. పేరు, ఏ వైపు గది చూస్తున్నారు, ఏ రాత్రి వీలవుతుంది, అంతే రాయండి. ఒకే వైపు చూస్తున్నవాళ్ళను కలిపి పంపిస్తాం.