టమాటా గ్రాఫ్: ఒక్కో గీతకు ఒక్కో కార్డు

(స్క్రీన్ మీద: నోట్‌బుక్ పేజీ, ఒకదాని మీద ఒకటి మూడు గీతలు, చుట్టూ బాణాలు)

ఇది నా పాత నోట్సు. ఎకనామిక్స్ క్లాసులో సార్ డిమాండ్-సప్లయ్ గ్రాఫ్ బోర్డు మీద గీస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంది, ఇంటికొచ్చి చూస్తే ఏ గీత ముందు గీశారో, ఏది ఎందుకు జరిగిందో ఏమీ తెలియలేదు. పేజీలో మిగిలేది ఆఖరి బొమ్మే కదా, గీసిన వరస మిగలదు. ఆ వరసనే కార్డుల్లోకి తెద్దాం.

ఉదాహరణకి టమాటా. 2023 జులైలో కిలో వంద దాటింది గుర్తుందా? అదే కథ, లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు మాత్రం నేను పెట్టుకున్నవి.

(మొదటి కార్డు)

నిలువు గీత ధర, అడ్డం గీత పరిమాణం. కొనేవాళ్ల గీత, అంటే డిమాండ్ D, కిందికి వాలుతుంది; అమ్మేవాళ్ల గీత, అంటే సప్లయ్ S1, పైకి లేస్తుంది. రెండూ కలిసిన చోట ధర 60 రూపాయలు, సరుకు 40 టన్నులు.

(రెండో కార్డు)

ఇక్కడ గీత గీయకండి, ముందు కారణం ఒక్క వాక్యంలో రాయండి: "వానలకు పంట పోయింది." ఇది కొనేవాళ్లకు తగిలిందా, అమ్మేవాళ్లకా? అమ్మేవాళ్లకే. కాబట్టి కదిలేది S ఒక్కటే, D జోలికి వెళ్లొద్దు.

(మూడో కార్డు, ఎర్ర పెన్ను)

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సప్లయ్ తగ్గింది అనగానే గీతను కిందికి లాగేస్తారు, కానీ అలా గీస్తే సప్లయ్ పెరిగినట్టు! అందుకే నేనైతే ముందు 60 దగ్గర ఎడమవైపుకి ఒక అడ్డ బాణం వేస్తాను, 40 నుంచి 20 దాకా, ఎందుకంటే అదే ధరకు ఇప్పుడు మార్కెట్‌కి వచ్చే సరుకు 20 టన్నులే. ఆ బాణం కొస మీదుగా S1కి సమాంతరంగా S2 గీయండి.

(నాలుగో కార్డు)

60 దగ్గరే ఆగి చూడండి. అడిగేది 40, ఉన్నది 20. ఈ 20 టన్నుల కొరతకి రంగు వేయండి. ధరను పైకి తోసేది ఇదే.

(ఐదో కార్డు)

ధర పెరిగే కొద్దీ కొందరు టమాటా మానేసి చింతపండు రసంతో సరిపెట్టుకుంటారు, అంటే మనం అదే D మీద పైకి జారుతున్నాం, D మాత్రం ఉన్నచోటే ఉంది. అమ్మేవాళ్లేమో దూరం నుంచైనా సరుకు తెస్తారు, అది S2 మీద పైకి కదలడం. 70 రూపాయల దగ్గర ఇద్దరూ కలుస్తారు, 30 టన్నులకి. చూశారా, సప్లయ్ గీత 20 జరిగితే అమ్ముడైన సరుకు తగ్గింది పదే.

(కార్డుల వెనక వైపు)

ప్రతి కార్డు వెనక "ఎందుకు?" అన్నదానికి జవాబు రాసి, మొత్తం కలిపేసి మళ్లీ వరసగా పేర్చండి. నాలుగోది లేకుండా ఐదోదానికి దూకారంటే ధర ఎందుకు పెరిగిందో మీకింకా పట్టుబడలేదన్నమాట.

ఒక్క మాట: పెళ్లిళ్ల సీజన్ కూడా అప్పుడే వచ్చి D కుడికి జరిగితే దానికి వేరే కార్డు కావాలి. అప్పుడు ధర పెరుగుతుందని ఖాయంగా చెప్పొచ్చు, సరుకు పెరుగుతుందో తగ్గుతుందో మాత్రం ఏ గీత ఎంత జరిగిందో తెలిస్తే గానీ చెప్పలేం, కాబట్టి ఆ కార్డులో సరుకు దగ్గర ప్రశ్న గుర్తే పెట్టండి.