కార్తీకమాసంలో చికెన్ మసాలా లెక్క ఎందుకు తప్పింది?

అందరికీ నమస్కారం. ఒక వస్తువు ధర మారితే ఇంకో వస్తువు అమ్మకం ఎలా మారుతుందో చూడటానికి ఈ రోజు కావలి బజారుకు పోదాం రండి. చికెన్ కొట్టు, పక్కనే చేపల కొట్టు, ఎదురుగా కిరాణా కొట్టు ఉన్నాయనుకుందాం. నేను చెప్పే అంకెలన్నీ లెక్క కోసం అనుకున్నవే.

చికెన్ కిలో 200 నుంచి 240 రూపాయలైంది, అంటే 20 శాతం పెరిగింది. ఆ వారం చేపలు రోజుకు 50 కిలోలు పోయేవి 55 కిలోలు పోయాయి, 10 శాతం ఎక్కువ. ఇప్పుడు బోర్డు చూడండి. అమ్మకంలో వచ్చిన మార్పు పైన, ధరలో వచ్చిన మార్పు కింద.

+10 ÷ +20 = +0.5

పైన చేపలు, కింద చికెన్. రెండూ వేరు వేరు వస్తువులు కాబట్టే దీన్ని జాత్యంతర వ్యాకోచత్వం అంటాం. ప్లస్ వచ్చింది. చికెన్ మానేసిన వాళ్లలో కొందరు చేపల వైపు తిరిగారు, అంటే ఇవి ప్రత్యామ్నాయ వస్తువులు. అదే వారం కిరాణా కొట్లో చికెన్ మసాలా ప్యాకెట్లు 40 నుంచి 34కి పడిపోయాయి.

−15 ÷ +20 = −0.75

మైనస్. కూర వండితేనే కదా మసాలాతో పని! ఇవి పూరక వస్తువులు. ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే, పరీక్షలో ఎవరూ తప్పు చేయరు. తప్పు చేసేది బజారు లెక్క చేతికొచ్చినప్పుడు.

కార్తీకమాసం వచ్చింది. సగం మంది నీచు మానేశారు. చికెన్ 240 నుంచి 180కి దిగింది, 25 శాతం తగ్గుదల. చేపలు 55 నుంచి 44 కిలోలకు పడ్డాయి. మసాలా ప్యాకెట్లు 34 నుంచి 17. లెక్క వేయండి. చేపలకు −20 ÷ −25, అంటే +0.8. మసాలాకు −50 ÷ −25, అంటే +2.

చూశారా? లెక్క ప్రకారం చికెన్, చికెన్ మసాలా ప్రత్యామ్నాయాలట! కూర బదులు మసాలా తింటారా ఎవరైనా? చేపల లెక్క కూడా అంతే తప్పు. కాకపోతే దానికి ప్లస్సే రావాలని ముందే అనుకుంటాం కాబట్టి అనుమానం రాదు. నాకు ఎక్కువ భయం ఈ రెండోదానితోనే.

జరిగిందేమిటంటే, ధర తగ్గి అమ్మకాలు మారలేదు. జనం తినడం మానేసినందుకు ధర తగ్గింది. మనం కారణాన్ని తిరగేసి చదివాం. దీన్ని పట్టుకోవడానికి చికెన్ అమ్మకమే చూడండి. ధర తగ్గితే చికెన్ ఎక్కువ పోవాలి. కానీ 80 కిలోల నుంచి 40కి పడింది. ధరా తగ్గి, ఆ వస్తువు అమ్మకమూ తగ్గిందంటే ఇంకేదో కదిలింది. ఆ వారం అంకెలతో జాత్యంతర వ్యాకోచత్వం కట్టకండి. మేత ఖర్చు పెరిగి కొట్టువాళ్లు ధర పెంచిన వారం లాంటిది వెతుక్కోండి. అక్కడ కదలిక అమ్మేవాళ్ల వైపు నుంచి వస్తుంది.

ఇక ఆదాయ వ్యాకోచత్వం. పైన అమ్మకంలో మార్పే, కింద ఇప్పుడు కొనేవాళ్ల ఆదాయంలో మార్పు. ప్లస్ వస్తే సాధారణ వస్తువు, మైనస్ వస్తే నాసిరకం వస్తువు. అదే మైనస్, కానీ అర్థం వేరు. కింద ఏముందో చూడకుండా గుర్తు చదివితే పూరకాన్ని నాసిరకం చేసేస్తాం. నాసిరకం అన్నది నాణ్యత మాట కాదు. చేతిలో డబ్బు పెరిగితే కొనడం తగ్గించే వస్తువు, అంతే. ముతక బియ్యం కొనే ఇంట్లో జీతం పెరిగి మసూరికి మారితే, ముతక బియ్యం ఆ ఇంటికి నాసిరకం. ఇంకా పేద ఇంటికి అదే సాధారణ వస్తువు కావచ్చు, నాలుగు రూపాయలు వస్తే ముందు అదే ఇంకో రెండు కిలోలు కొంటారు.

ఇక్కడా ఒక ఉచ్చు ఉంది. కావలి పక్క ఊరి నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చే ఒకామె ఉందనుకుందాం. నెలకు 15,000 సంపాదన 16,500 అయింది, 10 శాతం ఎక్కువ. ఆటో ఎక్కడం 40 సార్ల నుంచి 10కి తగ్గింది, 75 శాతం తక్కువ.

−75 ÷ +10 = −7.5

షేర్ ఆటో నాసిరకం అని రాసేస్తారు. ఆగండి. పదిహేను వందలు పెరిగినంత మాత్రాన ముప్పై ప్రయాణాలు మానేస్తారా? గుర్తు నమ్మేలా ఉన్నా, అంకె నమ్మేలా లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. ఆ లెక్క ఈ తేదీకి అటూ ఇటూ నెలలదైతే, బస్సు ఛార్జీ 100 శాతం తగ్గినట్టు. −75 ÷ −100, అంటే +0.75. ఇది ఆదాయం కథ కాదు, ప్రత్యామ్నాయం కథ.

రెండింటిలో ఏది నిజమో తేల్చాలంటే అదే ఊరి మగవాళ్లను చూడండి. వాళ్లకు బస్సులో ఛార్జీ ఎప్పటిలాగే ఉంది. వాళ్ల సంపాదన కూడా పెరిగి, ఆటో ఎక్కడం మాత్రం తగ్గకపోతే, ఆమెను ఆటో మాన్పించింది బస్సే. వాళ్లూ బండ్లు కొనుక్కుని ఆటో తగ్గించి ఉంటే, అప్పుడు మైనస్ గురించి మాట్లాడుకోవచ్చు.