ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌లో పేరు, తేదీ తప్పు పడితే హెచ్‌ఆర్‌కి ఏం రాయాలి?

“అక్కా, నా ఇంటర్న్‌షిప్ 2024 జూన్ 3 నుంచి జూలై 26 వరకు. సర్టిఫికెట్‌లో జూన్ 26కే అయిపోయినట్టు పడింది. పేరు కూడా Swathi బదులు Swati అని ఉంది. హెచ్‌ఆర్‌కి లెటర్ ఎలా రాయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.”

చెల్లీ, ముందు నీ ఆఫర్ లెటర్ తెరిచి చూడు. అందులో పేరు Swathi అనే ఉంటే పని తేలిక. సర్టిఫికెట్ టైప్ చేసేటప్పుడు h జారిపోయిందన్నమాట, ఆఫర్ లెటరే నీకు ఆధారం. అక్కడ కూడా Swati అనే ఉంటే మాత్రం తప్పు వాళ్ల రికార్డులోనే ఉండి ఉంటుంది. చేరేటప్పుడు నింపిన ఫారమ్‌లోంచే వచ్చి ఉండొచ్చు. అప్పుడు సర్టిఫికెట్ ఒక్కటే మార్చమంటే “మా దగ్గర ఇలాగే ఉంది” అనేస్తారు. అందుకే గుర్తింపు కార్డు కాపీ పెట్టి, రికార్డులో కూడా సరిచేయమని అడగాలి.

తేదీ సంగతి ఇంకా ముఖ్యం. పేరులో ఒక అక్షరం పోతే చదివేవాళ్లు పోల్చుకోగలరు. కానీ దాదాపు 8 వారాల పని ఇక్కడ 24 రోజులైపోయింది! కనీసం ఇన్ని వారాలు చేయాలని కాలేజీ నియమం ఉంటే అక్కడే ఆపేస్తారు. ఆఫర్ లెటర్‌లో జూలై 26 అని ఉంటే సరిపోతుంది. మొదట జూన్ వరకే అనుకుని తర్వాత పొడిగించి ఉంటే, ఆ పొడిగింపు మెయిల్ తప్పకుండా జతచేయి. లేకపోతే నీ ఆఫర్ లెటరే నీకు అడ్డం తిరుగుతుంది. ఆ మెయిల్ దొరక్కపోతే, నువ్వు ఏ తేదీ వరకు పనిచేశావో రెండు లైన్లలో రాసివ్వమని మీ మేనేజర్‌ని అడుగు.

ఇక లెటర్. సబ్జెక్ట్‌లో “ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌లో పేరు, ముగింపు తేదీ సవరణ” అని పెట్టి, కింద ఇలా రాయి:

“నమస్కారం. నేను మీ సంస్థలో 2024 జూన్ 3 నుంచి జూలై 26 వరకు ఇంటర్న్‌గా పనిచేశాను. నాకిచ్చిన సర్టిఫికెట్‌లో రెండు తప్పులున్నాయి.
పేరు: ఇప్పుడున్నది Swati, ఉండాల్సింది Swathi.
ముగింపు తేదీ: ఇప్పుడున్నది 26 జూన్ 2024, ఉండాల్సింది 26 జూలై 2024.
సర్టిఫికెట్, ఆఫర్ లెటర్, గుర్తింపు కార్డు కాపీలు జతచేశాను. మీ రికార్డులో కూడా సరిచేసి, కొత్త సర్టిఫికెట్ ఇవ్వగలరని మనవి.”

కింద నీ పూర్తి పేరు, ఇంటర్న్ ఐడీ, పనిచేసిన విభాగం, సర్టిఫికెట్ నంబర్ ఉంటే అదీ రాయి. నెల పేరు అక్షరాల్లోనే ఉండాలి. 05/06 అని రాస్తే జూన్ 5 అని ఒకరు, మే 6 అని ఇంకొకరు చదువుతారు. కాలేజీలో ఇవ్వాల్సిన గడువు దగ్గరపడితే ఆ తేదీ కూడా ఒక వాక్యంలో చెప్పు.

ఎంత తొందరున్నా ఆ పీడీఎఫ్‌ని నువ్వే దిద్దుకోవద్దు తల్లీ. రేపు ఉద్యోగంలో చేరేటప్పుడు వెరిఫికేషన్‌కి ఎవరైనా అడిగితే, హెచ్‌ఆర్ తమ రికార్డు చూసే జవాబిస్తుంది. అక్కడ జూన్ 26 ఉండి నీ కాగితం మీద జూలై 26 ఉంటే, వాళ్ల పొరపాటు కాస్తా నీ ఫోర్జరీ అయిపోతుంది.