వేవిళ్లు ఎందుకు వస్తాయి? పులుపు మీదకు మనసెందుకు పోతుంది?

(స్టూడియో చర్చా కార్యక్రమం లిఖిత రూపం. పాల్గొన్నవారు: ఒక ప్రసూతి వైద్యురాలు, ఒక జీవశాస్త్ర ఆచార్యుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. గర్భిణి అన్నం ఉడికే వాసనకే ముక్కు మూసుకుంటుంది, పుల్లమామిడి ముక్క కనబడితే మాత్రం వదలదు. ఆ నెలల్లో శరీరంలో జరిగేది ఏమిటి? ఆచార్య గారూ, వేవిళ్లతో మొదలుపెడదామా?

ఆచార్యుడు: గర్భం నిలవగానే పెరిగే హెచ్‌సీజీ అనే హార్మోనే వాంతులకు మూలమని చాలాకాలం అనుకున్నాం. వాంతులు ఉద్ధృతంగా ఉండే తొమ్మిది, పది వారాల దగ్గరే అది కూడా గరిష్ఠానికి చేరుతుంది కాబట్టి ఆ అనుమానం సహజమే. అయితే 2023 చివర్లో మార్లీనా ఫేజో, స్టీఫెన్ ఓరాహిలీ బృందం ప్రచురించిన పరిశోధన జీడీఎఫ్-15 అనే మరో హార్మోన్‌ను బలమైన ఆధారాలతో ముందుకు తెచ్చింది. జబ్బుపడినప్పుడో, కణాలు దెబ్బతిన్నప్పుడో ఇది మన అందరి రక్తంలోనూ పెరుగుతుంది. గర్భిణి రక్తంలో మాత్రం ఇందులో అధికభాగం బిడ్డ వైపు నుంచి, అంటే మాయ నుంచి వస్తుంది.

వ్యాఖ్యాత: అది రక్తంలో పెరిగితే వాంతి ఎందుకు కావాలి?

ఆచార్యుడు: మెదడు అడుగుభాగంలో, రక్తంలోని విషాలను పసిగట్టి వాంతి చేయించే చిన్న ప్రాంతం ఒకటి ఉంది. ఈ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు అక్కడ ఉన్నాయి. అది తగలగానే ‘లోపలికి చెడ్డది ఏదో వచ్చింది’ అన్న సంకేతం బయలుదేరుతుంది. ఆకలి చచ్చిపోతుంది, కడుపులో తిప్పుతుంది.

వైద్యురాలు: అయితే హార్మోన్ అందరిలోనూ పెరుగుతుంది కదా. ఒకరు హాయిగా ఉద్యోగానికి వెళ్తారు, ఇంకొకరు మంచం దిగలేరు. ఆ తేడా ఎందుకో కూడా చెప్పండి.

ఆచార్యుడు: ఆ పరిశోధనలో నాకు బాగా నచ్చిన భాగం అదే. గర్భానికి ముందు జీడీఎఫ్-15 తక్కువగా ఉన్న స్త్రీ మెదడుకు దాని అలవాటు ఉండదు. ఒక్కసారిగా పెరిగేసరికి తట్టుకోలేదు. బీటా థలసీమియా ఉన్న స్త్రీలలో ఈ హార్మోన్ ఏళ్ల తరబడి ఎక్కువగానే ఉంటుంది. వాళ్లను అడిగితే వేవిళ్లు చాలా తక్కువని తేలింది. ఎలుకలకు ముందుగా ఈ హార్మోన్ ఇచ్చి అలవాటు చేస్తే, తర్వాత పెద్ద మోతాదు ఇచ్చినా అవి ఆహారం అంతగా మానలేదు.

వైద్యురాలు: ఇది తెలియక ఎంతమంది అమ్మాయిలను ‘సుకుమారం’ అని నిందించామో! ఇంకొక మాట. ఇది ఉదయం పూటకే పరిమితమయ్యేది చాలా కొద్దిమందికే. రాత్రంతా కడుపు ఖాళీగా ఉంటుంది కాబట్టి లేవగానే ఎక్కువ తెలుస్తుంది, అంతే.

వ్యాఖ్యాత: మరి నిన్నటిదాకా ఇష్టంగా తిన్న కూర మీదే విరక్తి ఎందుకు కలుగుతుంది?

ఆచార్యుడు: వాసనలకు తట్టుకోలేకపోవడం ఒక కారణం. దానికి మెదడు నేర్చుకునే ఒక పాఠం తోడవుతుంది. 1955లో జాన్ గార్సియా ఎలుకలకు తియ్యటి నీళ్లు ఇస్తూ, వాటికి వికారం కలిగించే రేడియేషన్ తగిలేలా చేశాడు. ఆ తర్వాత అవి తియ్యటి నీళ్లను తాకడం బాగా తగ్గించాయి. తిన్నదానికీ వికారానికీ మధ్య గంటల తేడా ఉన్నా మెదడు ఆ రెండింటినీ ముడివేస్తుంది. గర్భిణి కోడికూర తిన్న సాయంత్రం వాంతి అయిందనుకోండి, తప్పు హార్మోన్‌దే అయినా నింద కూరకు పడుతుంది.

వ్యాఖ్యాత: బిడ్డను కాపాడటానికే ప్రకృతి ఇలా ఏర్పాటు చేసిందన్న వాదన ఉంది కదా?

ఆచార్యుడు: ఉంది. 2000లో ఫ్లాక్స్‌మన్, షెర్మన్ పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, గర్భిణులు ఎక్కువగా విముఖత చూపేది మాంసం, చేపలు, గుడ్ల మీదే అని తేలింది. చల్లబరిచే పెట్టెలు లేని కాలంలో త్వరగా చెడిపోయి సూక్ష్మజీవులకు నెలవయ్యేవి అవే. బిడ్డ అవయవాలు రూపుదిద్దుకునే వారాలూ వేవిళ్ల వారాలూ ఒకటే కావడం కాకతాళీయం అని నేననుకోను.

వైద్యురాలు: ఓ మోస్తరు వేవిళ్ల వరకు ఒప్పుకుంటాను. వేవిళ్లు ఉన్నవారిలో గర్భస్రావాలు తక్కువని అధ్యయనాలూ ఉన్నాయి. కానీ ‘ఇది మంచికే’ అన్న మాటను పట్టుకుని ఇళ్లలో ఆగిపోతున్నారు, నా బాధ అది. ఉదాహరణకు 54 కిలోల అమ్మాయి పదో వారానికి 50.5 కిలోలకు వచ్చిందనుకోండి. బరువులో ఆరు శాతానికి పైగా పోయింది. అయిదు శాతం దాటితేనే మేం తీవ్రమైన వాంతుల జబ్బుగా చూస్తాం. మూత్రం ముదురు రంగులో, రోజుకు రెండు మూడు సార్లే వస్తుంది. పరీక్షలో కీటోన్లు కనబడతాయి, అంటే శరీరం తన కొవ్వునే కరిగించుకుంటోంది. అప్పుడు ఇంట్లో నిమ్మరసం ఇస్తూ కూర్చోకూడదు.

వ్యాఖ్యాత: ఆసుపత్రిలో ఏం చేస్తారు?

వైద్యురాలు: సెలైన్, పొటాషియం, వాంతులు ఆపే మందు. వీటికంటే ముందు థయమిన్, అంటే బీ1 విటమిన్. వారాల తరబడి తిండి నిలవని మనిషిలో అది అడుగంటుతుంది. ఆ స్థితిలో ముందుగా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కొద్దిపాటి థయమిన్ కూడా ఖర్చయిపోయి మెదడుకు హాని జరగవచ్చు. చూపు చెదరడం, నడక తూలడం, తికమకగా మాట్లాడటం దాని గుర్తులు. ‘నీరసంగా ఉంది, ఒక గ్లూకోజ్ సీసా పెట్టించండి’ అని అడిగే బంధువులకు నేను ఇది ప్రత్యేకంగా చెబుతాను.

వ్యాఖ్యాత: ఇప్పుడు కోరికల సంగతి. పులుపు అడిగితే ఒంట్లో ఏదో లోపం ఉన్నట్టేనా?

వైద్యురాలు: దానికి గట్టి ఆధారం లేదు. లోపాన్ని బట్టే కోరిక పుట్టేటట్లయితే మన గర్భిణులంతా తోటకూర అడగాలి! నోట్లో లోహపు రుచి తగులుతోందని చాలామంది చెబుతారు. పులుపు లాలాజలాన్ని ఊరించి ఆ రుచిని కప్పేస్తుంది. పైగా చల్లటి మామిడి ముక్కకు పోపు ఘాటు ఉండదు.

ఆచార్యుడు: పెరిగిన చోటు ప్రభావం కూడా పెద్దది. అమెరికాలో చాక్లెట్ అడుగుతారు, మన దగ్గర చింతకాయ, ఉసిరికాయ.

వైద్యురాలు: అయితే తిండి కానివాటి మీద కోరిక వేరే సంగతి. మట్టి, బలపాలు, పచ్చి బియ్యం, ఐసు ముక్కలు. సిగ్గుపడి చాలామంది చెప్పరు, అందుకే నేనే అడుగుతాను. ఎందుకు అలా అవుతుందో పూర్తిగా తేలకపోయినా, ఇలా తినేవారిలో తరచుగా ఇనుము లోపం ఉంటుంది. పైగా మట్టి పేగుల్లో ఇనుమును పట్టేసి లోపాన్ని ఇంకా పెంచుతుంది. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనతే. 11 దాటినా ఒంట్లో ఇనుము నిల్వలను తెలిపే ఫెరిటిన్ పరీక్ష చూడాలి, ఆ నిల్వలు ముందు తరుగుతాయి. ఐసు తినే అలవాటు ఇనుము అందాక చాలామందిలో రోజుల్లోనే పోతుంది.

వ్యాఖ్యాత: ఇనుము మాత్ర వేసుకుంటే వాంతులు ఎక్కువవుతాయని మానేస్తారు.

వైద్యురాలు: నిజమే, మొదటి మూడు నెలల్లో వికారం పెరగవచ్చు. అందుకే మామూలుగా అప్పుడు ఫోలిక్ యాసిడ్ ఇచ్చి, నాలుగో నెల నుంచి ఇనుము మొదలుపెడతాం. టీతో వేసుకోవద్దు, నిమ్మరసంతో అయితే ఒంటికి బాగా పడుతుంది.

వ్యాఖ్యాత: ఒక కాన్పులో తీవ్రంగా బాధపడినవారు మళ్లీ గర్భానికి భయపడుతున్నారు.

వైద్యురాలు: ఆ భయం సహేతుకమే, మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అలాంటివారు గర్భం నిర్ధారణ కాగానే, వికారం మొదలవకముందే వైద్యుల దగ్గరకు రావాలి. డాక్సిలమిన్, బీ6 కలిసిన మాత్రను రాత్రి పడుకునేటప్పుడు ఇస్తాం, నెమ్మదిగా విడుదలై తెల్లవారేసరికి పనిచేస్తుంది. ముందుగా మొదలుపెడితే వాంతుల తీవ్రత తగ్గే అవకాశం ఉంది. మొదటి వారం నుంచే బరువు రాసిపెట్టుకోమనండి, ఎంత తగ్గిందో మాకు అంకెల్లో తెలియాలి.