అద్దె వృథా, ఈఎంఐ లాభం అనే లెక్క గురించి

అందరికీ నమస్కారం. సంఘం అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, ఆదివారం పూట పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. సన్మానం వద్దని ముందే చెప్పాను, అయినా శాలువా కప్పారు, సంతోషం. ఇక నేరుగా విషయంలోకి వస్తాను.

బ్యాంకులో నా ఉద్యోగం చాలావరకు ఇళ్ల లోన్ల దగ్గరే గడిచింది. లోన్ కోసం వచ్చే భార్యాభర్తల చేతిలో తరచూ ఒక కాగితం ఉండేది. మధ్యలో నిలువు గీత, ఎడమ పక్క అద్దె, కుడి పక్క సొంతం. మంచి అలవాటే. కానీ ఎడమ పక్క మొదటి వరుసలో దాదాపు అందరూ ఒకటే రాసేవారు: "అద్దె కడితే డబ్బు వృథా." కుడి పక్క దానికి ఎదురుగా: "ఈఎంఐ కడితే ఇల్లు మనదవుతుంది." నేను ఈరోజు మాట్లాడటానికి ఒప్పుకున్నది ఈ ఒక్క వరుస కోసమే. దీన్ని కొట్టేసి మళ్లీ రాయాలి.

కాగితం, పెన్ను ఉన్నవాళ్లు తీయండి. మియాపూర్ వైపు ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ 80 లక్షలు, అలాంటిదే అద్దెకు నెలకు 24 వేలు అనుకుందాం. బ్యాంకు 60 లక్షలు ఇస్తుంది, మన చేతి నుంచి 20 లక్షలు. రిజిస్ట్రేషన్‌కి తెలంగాణలో ఏడున్నర శాతం, అంటే మరో 6 లక్షలు. దీన్ని చాలామంది కాగితం మీద వేయరు. మొత్తం 26 లక్షలు మన సొంత డబ్బు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ సుమారు 52 వేలు.

మొదటి నెల కట్టే ఆ 52 వేలలో వడ్డీ ఎంతో తెలుసా? 42,500. అసలులోకి వెళ్లేది తొమ్మిదిన్నర వేలు మాత్రమే. ఇలా ఐదేళ్లు కడితే బ్యాంకుకు వెళ్లేది 31 లక్షల పైమాట, అందులో అసలు తగ్గేది దాదాపు 7 లక్షలు, మిగతా 24 లక్షలు వడ్డీ. ఇంటి యజమానికి కట్టే అద్దె తిరిగి రాదు, నిజమే. బ్యాంకుకు కట్టే వడ్డీ మాత్రం తిరిగి వస్తుందా అమ్మా? అది డబ్బుకు కట్టే అద్దె. మొదటి ఐదేళ్లలో ఇంటి అద్దె, ఏటా 5 శాతం పెంచుకుంటూ పోయినా, 16 లక్షలకు మించదు.

ఇప్పుడు వరుస మళ్లీ రాద్దాం. కొన్నవాళ్లకు ఐదేళ్లలో తిరిగిరానిది ఎంత? వడ్డీ 24 లక్షలు. రిజిస్ట్రేషన్ 6 లక్షలు. చేతి నుంచి పెట్టిన 26 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఆరున్నర శాతానికి ఉండి, వడ్డీ ఏటా చేతికి తీసుకుంటూ ఉంటే వచ్చేది సుమారు ఎనిమిదిన్నర లక్షలు, అదీ పోయింది. కలిపితే 38 లక్షల 50 వేలు. కట్టిన అసలు 7 లక్షలు మీవే కాబట్టి అది వేయలేదు. అద్దె పక్కన 16 లక్షలు. తేడా ఇరవై రెండున్నర లక్షలు. అంటే 80 లక్షల ఫ్లాట్ ఐదేళ్లకు కోటీ రెండున్నర లక్షలకు అమ్ముడుపోతే ఇద్దరూ సమానం. ఏటా సుమారు 5 శాతం పెరగాలన్న మాట. మీరు కొనబోయే ఆ ఫ్లాట్, పాతబడుతూ కూడా, అంత పెరుగుతుందా? కాగితం మీద ఉండాల్సిన ప్రశ్న ఇది. భూమి పెరిగినట్టు ఫ్లాట్ పెరగదు, ఎందుకంటే మీ వంతుకు వచ్చే భూమి కొద్ది గజాలే. సేల్ డీడ్‌లో అన్‌డివైడెడ్ షేర్ అని ఎన్ని గజాలు రాశారో చూడండి, విలువ ముఖ్యంగా పెరిగేది అక్కడే.

ఇంతసేపూ అద్దె తరఫునే మాట్లాడుతున్నానని ముందు వరుసలో ఒక పెద్దాయన ముఖం చిట్లిస్తున్నారు. అయ్యా, మీ పక్షం కూడా చెబుతాను. అద్దెకు ఉన్నవాళ్లకు ఈఎంఐకీ అద్దెకీ మధ్య మొదట్లో నెలకు 28 వేలు మిగలాలి. ఐదేళ్లలో అది 15 లక్షలు దాటుతుంది. ఆ డబ్బు జీతం పడిన రోజే ఆర్‌డీలోకో, మ్యూచువల్ ఫండ్‌లోకో వెళ్తేనే నా లెక్క నిలుస్తుంది. వెళ్లకపోతే నిలవదు. మీ ఇంట్లో మిగిలిన డబ్బు నిలవదని మీకు తెలిస్తే కొనడమే మేలు, ఎందుకంటే ఈఎంఐని బ్యాంకు అడక్కుండానే తీసుకుంటుంది. ఇంకొకటి. ఈఎంఐ ఇంచుమించు అక్కడే ఉంటుంది, అద్దె పెరుగుతూ ఉంటుంది. ఏటా 5 శాతం చొప్పున 24 వేల అద్దె 52 వేలు దాటడానికి 16 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు అదే ఊళ్లో, అదే ఇంట్లో ఉంటామన్న నమ్మకం ఉన్నవాళ్లకు లెక్క కొనడం వైపు తిరుగుతుంది. నాలుగేళ్లకు బెంగళూరో పుణేనో బదిలీ కావచ్చన్న వాళ్లకు తిరగదు. పన్ను మినహాయింపు అని రాసుకున్నవాళ్లు ఒకసారి చూసుకోండి: కొత్త పన్ను విధానంలో మనం ఉండే ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు లేదు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి చెప్పాలి. ఇది ఈరోజు పట్టికలో లేదు, అయినా చెప్పి తీరతాను. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ కొన్న కుటుంబాలు. బ్రోచర్‌లో ఉన్న తేదీ చూసి "రెండేళ్లలో అద్దె బాధ తప్పుతుంది" అని రాసుకుంటారు. ఒక దంపతులు ఇలాగే కొన్నారు. పని సాగేకొద్దీ బ్యాంకు బిల్డర్‌కు 40 లక్షలు విడుదల చేసింది. ఆ 40 లక్షల మీద ప్రీ ఈఎంఐ, అంటే ఇల్లు చేతికి వచ్చేదాకా కట్టే వడ్డీ, నెలకు 28 వేల పైన, ఉన్న ఇంటికి అద్దె 24 వేలు. నెలకు 52 వేలు పోతున్నాయి, అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. పని ఏడాది ఆలస్యమైంది. ఆ ఒక్క ఏడాదికి ఆరు లక్షలకు పైగా. ఆవిడ మెడలో గొలుసు బ్యాంకులోకి వచ్చింది, నేనే రశీదు రాశాను. అమ్మా, అయ్యా, దయచేసి వినండి. మీ పట్టికలో "అద్దె ప్లస్ వడ్డీ, ఇంకో ఏడాది" అని ఒక వరుస వేయండి, ఆ భారం మోయగలిగితేనే సంతకం పెట్టండి. బ్రోచర్ తేదీ కాదు, అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌లో రాసిన తేదీ చూడండి. ఆ తేదీ దాటితే, ఫ్లాట్ వదులుకోకుండానే, ఆలస్యమైన ప్రతి నెలకూ బిల్డర్‌ను వడ్డీ అడిగే హక్కు, బిల్డర్లను అదుపులో పెట్టే రెరా చట్టం 18వ సెక్షన్ ఇచ్చింది. ఆ దంపతులకు అది ఎవరూ చెప్పలేదు.

ఇక అద్దెలో అసలైన నష్టం డబ్బు కాదు. పరీక్షల ముందు యజమాని ఫోన్ చేసి "మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు, ఖాళీ చేయండి" అంటాడు. ఆ టెన్షన్‌కి పట్టికలో అంకె వేయలేం. కానీ తగ్గించుకోవచ్చు. మన అగ్రిమెంట్లు 11 నెలలకే ఎందుకుంటాయి? ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది కాబట్టి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పుతాయని ఇద్దరూ 11 నెలలకు సరిపెట్టుకుంటారు. పిల్లలు తొమ్మిదో తరగతిలోకి వస్తున్న ఇల్లయితే సరిపెట్టుకోకండి. మూడేళ్లకు రిజిస్టర్ చేయించుకుందాం, ఖర్చు మేం పెట్టుకుంటాం అని అడగండి. అద్దె ఏటా ఎంత శాతం పెరగాలో, ఖాళీ చేయించాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో, మార్చి, ఏప్రిల్‌లలో కదపకూడదని కూడా అందులో రాయించుకోండి. అందరు యజమానులూ ఒప్పుకోరు. ఒప్పుకున్న ఇల్లు దొరికితే అద్దె వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా తీసుకోవచ్చని నా సలహా.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. మీలో ఎవరైనా అగ్రిమెంట్ కాగితాలు వెంట తెచ్చుకుని ఉంటే ఇటు ముందుకు రండి. తేదీ ఉన్న పేజీ, గజాలు ఉన్న పేజీ, ఆ రెండూ కలిసి చూద్దాం.