ఎనిమిది నంబరు బోల్టు, పది నంబరు బోల్టు

అందరికీ నమస్కారం. ముందుగా నా చేతిలో ఉన్నవి చూడండి. రెండు బోల్టులు. నిన్న సాయంత్రం రాణిగంజ్‌లో కొన్నాను. ముందు వరుసకి ఇస్తున్నాను, ఒకసారి చూసి వెనక్కి పంపుతూ ఉండండి. ఒకటి ఎనిమిది నంబరు, ఇంకొకటి పది నంబరు. లావులో తేడా 0.66 మిల్లీమీటర్లు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరికైనా తెలుస్తుంది. చేతిలో ఒక్కటే ఉంటే మాత్రం, అందులోనూ తెల్లవారుజామున మూడు గంటలకి, మసక వెలుతురులో, చెప్పడం కష్టం.

1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకి బయల్దేరింది. బీఏసీ వన్-ఎలెవెన్ రకం జెట్. 81 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది. లేచిన 13 నిమిషాలకి, 17,300 అడుగుల ఎత్తులో ఉండగా, కెప్టెన్ ముందున్న అద్దం మొత్తం ఊడి బయటికి పోయింది. లోపలి గాలి ఒక్కసారిగా బయటికి తన్నేసరికి కెప్టెన్ కూడా ఆ కంతలోంచి నడుము దాకా బయటికి వెళ్లిపోయాడు. క్యాబిన్ సిబ్బందిలో ఒకరు పరుగున వచ్చి ఆయన్ని పట్టుకున్నారు. కో-పైలట్ ఒంటరిగా విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అందరూ బతికారు. కెప్టెన్‌కి ఎముకలు విరిగాయి, చలికి ఒళ్లు దెబ్బతింది, అయినా అయిదు నెలల లోపే మళ్లీ విమానం నడిపాడు.

ఆ అద్దాన్ని అంతకు 27 గంటల ముందే మార్చారు. దాన్ని పట్టుకునే బోల్టులు 90. వాటిలో 84 ఉండాల్సిన దానికంటే సన్నం, మీరు చూస్తున్న ఆ 0.66 మిల్లీమీటర్ల మేరకి. మిగిలిన ఆరూ లావు సరైనవే గానీ పొడవు రెండున్నర మిల్లీమీటర్లు తక్కువ. అంటే సరైన బోల్టు ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి. ఆ విమానంలో అద్దాన్ని బయటి నుంచి బిగిస్తారు. లోపలి నుంచి బిగించే రకమైతే గాలి ఒత్తిడే దాన్ని ఫ్రేముకి అదిమి పెడుతుంది. ఇక్కడ ఒత్తిడి అద్దాన్ని బయటికి నెడుతుంది, ఆపేవి బోల్టులొక్కటే.

మనలాంటి వాళ్లకి ముందు వచ్చే ప్రశ్న, బిగించిందెవరు అని. ఆ రాత్రి షిఫ్ట్ మేనేజర్. బాగా అనుభవం ఉన్న మనిషి. షిఫ్టులో మనుషులు తక్కువ, పొద్దున్నకి విమానం సిద్ధం కావాలి, అందుకని పని తానే మీద వేసుకున్నాడు. పాత అద్దం విప్పి బోల్టులు చూశాడు. అవి 7D రకం. ఇక్కడ అంకె పొడవు చెబుతుంది, అక్షరం లావు చెబుతుంది. D అంటే మీ చేతిలోని పది నంబరు లావు, C అంటే ఎనిమిది నంబరు లావు. అలాంటివే కొత్తవి కావాలని స్టోర్స్‌కి వెళ్లాడు. అక్కడి సూపర్‌వైజర్ ఆ అద్దానికి 8D వాడతారని చెప్పాడు. ఆయన చెప్పిందే నిజం. కానీ విప్పినవి 7D, అన్నాళ్లూ అవే నిలబడ్డాయి కదా, 7D చాలనుకున్నాడు మేనేజర్. తీరా ఆ డబ్బాలో సరిపడా లేవు. కారెక్కి విమానాశ్రయంలో ఇంకోచోట ఉన్న బోల్టుల డబ్బాల దగ్గరికి వెళ్లాడు. అక్కడ కాపలా మనిషి లేడు, వెలుతురు సరిగా లేదు. పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చుకుని తీసుకున్నాడు. తీసుకున్నవి 8C.

సన్నటి బోల్టు లావు మరలో పడితే కొంతవరకు పట్టినట్టే ఉంటుంది, తర్వాత జారుతుంది. ఆయన వాడిన స్క్రూడ్రైవర్ తగినంత బిగిశాక తానే జారేలా పెట్టిన రకం. మర జారుతోందో, స్క్రూడ్రైవర్ జారుతోందో చేతికి ఒకేలా ఉంది. పైగా ఆయన నిలబడిన స్టాండు చాలక పక్కకి సాగి బిగించాల్సి వచ్చింది, బోల్టు తల గుంటలోకి ఎక్కువగా దిగిపోయిన సంగతి ఆ కోణంలో కనబడలేదు. పని అయ్యాక సంతకం పెట్టాల్సిందీ ఆయనే. రెండో మనిషి వచ్చి చూడాలన్న నియమం కొన్ని కీలక భాగాలకే ఉండేది, ఆ జాబితాలో అద్దం లేదు. అద్దం మార్చాక విమానంలో గాలి నింపి పరీక్షించాలన్న నియమం కూడా లేదు.

మాంచెస్టర్ యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్ జేమ్స్ రీజన్ సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక బొమ్మ గీసి చూపించాడు. ప్రమాదానికీ మనకీ మధ్య అడ్డుగోడలు చాలా ఉంటాయి. నియమాలు, శిక్షణ, స్టోర్స్, తనిఖీ, పైలట్. ఏ గోడా నిండు గోడ కాదు, ప్రతిదానికీ చిల్లులుంటాయి. స్విస్ చీజ్ ముక్కల్లాగా. ఒక ముక్క చిల్లులోంచి దూరిన తప్పు తర్వాతి ముక్కకి తగిలి ఆగిపోతుంది. అన్ని ముక్కల చిల్లులూ ఒకే వరసలోకి వచ్చిన రోజున నేరుగా దూసుకుపోతుంది. కొన్ని చిల్లులు అప్పటికప్పుడు మనిషి చేసిన తప్పులు. ఎక్కువ భాగం ఎప్పుడో, ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాళ్లు తెలియకుండా పెట్టినవి. అవి ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి.

మనకి ఆ చీజ్ అంత పరిచయం లేదు గానీ గారెలు తెలుసు. గారెలు ఒకదాని మీద ఒకటి పేర్చి పైనుంచి పుల్ల గుచ్చండి, కిందికి దిగిపోతుంది. ఎందుకు? చిల్లు అన్నిట్లోనూ నడిమధ్యే, పెట్టిన వేలు ఒకటే. చీజ్‌లో అలా కాదు, ఒక్కో ముక్కలో ఒక్కోచోట. రీజన్ బొమ్మకి ధైర్యం ఇచ్చేది ఈ చెదురుమదురుతనమే. నాలుగు గోడలు విడివిడిగా పనిచేస్తే నాలుగూ ఒకేసారి విఫలం కావడం అరుదు.

బర్మింగ్‌హామ్‌లో ఆ రాత్రి ఏం జరిగిందో ఇప్పుడు మళ్లీ చూడండి. పని చేసేవాడు, పర్యవేక్షించేవాడు, సంతకం పెట్టేవాడు, ముగ్గురూ ఒకే మనిషి. కాగితం మీద మూడు ముక్కలు. నిజానికి గారెలు. మనుషులు తక్కువన్న ఒక్క కారణం మూడింట్లోనూ ఒకేచోట వేలు పెట్టింది. క్లాసులో ఈ మోడల్ చెప్పేవాళ్లు చాలామంది చిల్లులు లెక్కపెట్టి ఆగిపోతారు. నేనైతే, ఈ చిల్లులన్నీ ఏ వేలు పెట్టింది అని అడగమంటాను.

మోడల్‌కి ఇంకో పరిమితి కూడా ఉంది. ప్రమాదం జరిగాక అన్ని చిల్లులూ చక్కగా వరసలో కనిపిస్తాయి. ముందు రోజు ఎక్కడ వెతకాలో మాత్రం బొమ్మ చెప్పదు. అది చెప్పడానికి ప్రయత్నించేదే సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, మేము ఎస్ఎంఎస్ అంటాం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ 2013లో దీనికోసం అనుబంధం 19 అని ప్రత్యేకంగా ఒక నియమావళే తెచ్చింది. మన దేశపు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా విమానయాన సంస్థలు ఇది పెట్టుకోవాలంటుంది. దస్తావేజులు తిరగేస్తే నిద్రొస్తుంది. ఒక్క కాగితం వెంట నడిస్తే అర్థమవుతుంది.

ఆ విప్పిన పాత బోల్టులు గుర్తున్నాయా? 7D, పొడవు తక్కువవి. అంటే అంతకు ముందు అద్దం బిగించినవాళ్లెవరో కూడా తప్పు బోల్టులే వాడారు. అవి నిలబడ్డాయి. పనిచేసిన తప్పు కాబట్టి అది తప్పుగా ఎవరికీ కనబడలేదు. ఆ రాత్రి షిఫ్ట్ మేనేజర్ చేతిలో ఉన్నది నిజానికి ఒక హెచ్చరిక. స్టోర్స్‌లో 8D అంటున్నారు, విమానంలో 7D ఉంది. ఈ రెండూ పొసగడం లేదన్న సంగతి రాసేందుకు ఒక కాగితం, అది చదివేందుకు ఒక మనిషి ఉంటే?

ఉన్నారనుకుందాం. సేఫ్టీ ఆఫీసుకి నాలుగు వాక్యాల రిపోర్టు వచ్చింది. అక్కడ ముందు దానికి రెండు కొలతలు వేస్తారు. మళ్లీ జరిగే అవకాశం ఎంత, 1 నుంచి 5 దాకా అంకె. జరిగితే నష్టం ఎంత, A నుంచి E దాకా అక్షరం, అన్నిటికంటే ఘోరం A. కాక్‌పిట్ అద్దం ఊడటం A, సందేహం లేదు. గొడవంతా అంకె దగ్గరే. రెండూ కలిపి చూసే పట్టిక ఒకటి ఉంటుంది, 3 వేస్తే అందులో 3A, ఎర్రగడి, వెంటనే ఆపి సరిచేయాలి. "ఇన్నేళ్లూ ఏం కాలేదుగా సార్" అని 2 వేస్తే 2A, పసుపుగడి, జాగ్రత్తలతో నడుపుకోవచ్చు. మీటింగుల్లో నేను చూసిన వాదనలు చాలావరకు ఈ ఒక్క అంకె మీదే. నా అభిప్రాయం అడిగితే, ఏం కాలేదు అన్నది సాక్ష్యం కాదు. గోడలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి వేయాలి అంకె. ఇక్కడ రెండో తనిఖీ లేదు, గాలి పరీక్ష లేదు. మిగిలిన గోడ సున్నా. 3 కంటే తక్కువ వేయడం నాకు చేతకాదు.

అంకె పడ్డాక పని మొదలవుతుంది. అదే రకం విమానాలన్నిట్లో అద్దాల బోల్టులు చూడాలి. స్టోర్స్ డబ్బాల్లో ఏ సైజు అయిపోయింది, ఎందుకు తెప్పించలేదు అని అడగాలి. కీలక భాగాల జాబితాలో అద్దం చేర్చాలి. ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లి, మార్చామన్నది నిజంగా మారిందా అని చూడాలి. ఈ చివరిది చాలాచోట్ల జరగదు. ఎక్సెల్ షీట్‌లో 'క్లోజ్‌డ్' అని పెట్టేస్తారు.

అసలు ఆ నాలుగు వాక్యాలు రాయాలంటే మనిషికి భయం ఉండకూడదు. నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పైపు క్లాంప్ మార్చాను. విప్పింది ఏ సైజో అదే పెట్టాను, మాన్యువల్ తర్వాత చూస్తే వేరే సైజు. గుట్టుగా సరైనది పెట్టేసి ఊరుకున్నాను. విమానానికి ఏమీ కాలేదు. కానీ పాతది పెట్టినవాడు అలాంటివి ఇంకెన్ని విమానాలకి పెట్టాడో ఎవరికీ తెలియకుండా చేసింది నేనే. రాస్తే నా మీదికొస్తుందని రాయలేదు. అందుకే రీజన్ ఒక పరీక్ష చెప్పేవాడు. తప్పు చేసినవాడి చోట అంతే శిక్షణ ఉన్న ఇంకొకడిని నిలబెట్టండి, అతనూ అదే చేసేలా ఉంటే మనిషిని శిక్షించి లాభం లేదు. కావాలని నిర్లక్ష్యం చేసినవాడి సంగతి వేరు.

రాసిన కాగితం ఒక కంపెనీలోనే ఉండిపోయినా కష్టమే. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ డల్లస్ విమానాశ్రయానికి దిగుతూ టీడబ్ల్యూఏ అనే అమెరికా కంపెనీ విమానం, ఫ్లైట్ 514, వర్జీనియాలోని మౌంట్ వెదర్ కొండని గుద్దుకుంది. 92 మందీ చనిపోయారు. దిగడానికి కంట్రోలర్ అనుమతిస్తే ఎంత ఎత్తుదాకా దిగొచ్చన్న దాంట్లో పొరపాటు. అదే దారిలో, అదే పొరపాటుతో ఆరు వారాల ముందే యునైటెడ్ అనే ఇంకో కంపెనీ విమానం ఒకటి ఆ కొండని తృటిలో తప్పించుకుంది. ఆ పైలట్లు చెప్పారు, యునైటెడ్ తన పైలట్లందరినీ హెచ్చరించింది. టీడబ్ల్యూఏ పైలట్లకి ఆ మాట చేరలేదు. తర్వాత 1976లో అమెరికాలో ఏ కంపెనీ పైలటైనా పేరు బయటపడకుండా రాసుకునే ఏర్పాటు వచ్చింది. దాన్ని విమానయాన నియంత్రణ సంస్థ చేతిలో పెట్టలేదు, నాసాకి అప్పగించారు. లైసెన్సు తీసేయగలవాడికి తన తప్పు ఎవరు రాసిస్తారు?

మీలో కొందరు రేపు హ్యాంగర్లలోనో, ఫార్మా కంపెనీల్లోనో చేరతారు. అక్కడ ఎవరైనా "మా దగ్గర ఈ నెల ఒక్క రిపోర్టూ రాలేదు" అని గర్వంగా చెబితే, రిపోర్టు డబ్బా ఎక్కడుందో చూపించమనండి. నేను ఒకచోట అడిగితే తాళం చెవి దొరకలేదు.

ఇక ప్రశ్నలు అడగండి. ఈలోగా ఆ రెండు బోల్టులూ ముందుకి పంపండి. ఒకటే వచ్చింది... రెండోది ఎవరి దగ్గరుంది? పది నంబరుది.